సొంత మనుషులు, సొంత సరుకుతో గోదాము కట్టుకుంటే ఖర్చును ఆస్తిగా ఎలా లెక్కకట్టాలి

కాంట్రాక్టరు గోదాము కట్టి ఇస్తే లెక్క తేలిగ్గానే ఉంటుంది. అతని బిల్లు చేతికొస్తుంది, అదే ఆస్తి ఖరీదు. మీ మేస్త్రీలు, మీ ఇంజినీరు, మీ స్టోర్స్‌లోని సిమెంటు, మీ ఫ్యాక్టరీలోనే తయారైన దిమ్మెలతో మీరే కట్టుకుంటే అలాంటి బిల్లు ఎవరూ ఇవ్వరు. ఆ బిల్లును మీరే తయారు చేసుకోవాలి. అందులో ఏం చేరాలి, ఏం చేరకూడదు, ఏ తేదీతో ఆపాలి అన్నవి అకౌంట్స్ విభాగం తేల్చుకోవాల్సిన విషయాలు.

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల్లో ఇందుకు పనికొచ్చేవి రెండు. ఆస్తి ఖరీదు గురించి ఐఏఎస్ 16 చెబుతుంది, అప్పు మీద వడ్డీ గురించి ఐఏఎస్ 23 చెబుతుంది. బయట కొన్న ఆస్తికి ఏ సూత్రాలో, సొంతంగా కట్టుకున్నదానికీ అవే సూత్రాలు అన్నది ఐఏఎస్ 16 లోని ముఖ్యమైన మాట. నేరుగా ఈ కట్టడం కోసమే పెట్టిన ఖర్చు ఆస్తిలోకి వెళ్తుంది, మిగతాది ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలోకి వెళ్తుంది. వినడానికి ఇది చిన్న విషయంలాగే ఉంటుంది. చిక్కంతా స్లిప్పులు, హాజరు పుస్తకాల దగ్గర మొదలవుతుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుని చివరిదాకా నడుద్దాం. సిమెంటు దిమ్మెలు తయారుచేసే ఒక కంపెనీ తన స్థలంలోనే గోదాము కడుతోంది. పని 14 నెలలు సాగింది. డబ్బు అంకెలన్నీ లక్షల్లో అనుకోండి. స్థలం ముందు నుంచీ కంపెనీదే, కాబట్టి దాని విలువ వేరే ఖాతాలో ఉంది. భూమికి తరుగుదల ఉండదు కనుక దాన్ని కట్టడంతో ఎప్పుడూ కలపకండి.

తవ్వకానికి ముందే జాబ్ నంబర్ తెరవండి

బోర్డు అనుమతి రాగానే ఈ పనికంటూ ఒక జాబ్ నంబర్ ఇవ్వండి. ఖాతాల పుస్తకంలో 'నిర్మాణంలో ఉన్న ఆస్తి' అనే ఖాతా తెరవండి. చాలా కంపెనీల్లో దీన్ని క్యాపిటల్ వర్క్ ఇన్ ప్రోగ్రెస్ అంటారు. గోదాము పూర్తయ్యేదాకా ప్రతి ఖర్చూ ఈ ఖాతాలోనే కూడుతుంది. ఇందులో ఉన్నంతకాలం దానికి తరుగుదల రాయరు.

జాబ్ నంబర్ లేకుండా పని మొదలుపెట్టి, ఏడాది చివర 'గోదాముకు ఎంతయింది' అని అడిగితే వచ్చేది అంచనా మాత్రమే. అప్పటికి సిమెంటు ఎటు పోయిందో ఎవరికీ గుర్తుండదు. ఈ పనిలో నేను అన్నిటికంటే పట్టుబట్టేది ఇక్కడే. సరుకు స్టోర్స్ గడప దాటే నిమిషంలోనే అది ఎవరి ఖాతాలోకి వెళ్తుందో కాగితం మీద పడిపోవాలి.

ఆ కాగితం ఇష్యూ స్లిప్. దాని మీద తేదీ, జాబ్ నంబర్, సరుకు పేరు, పరిమాణం, తీసుకెళ్ళినవాళ్ళ సంతకం ఎటూ ఉంటాయి. వీటికి ఇంకొక్క గడి కలపమంటాను: ఏ భాగానికి? పునాది, స్తంభాలు, గోడలు, గచ్చు, పైకప్పు, కరెంటు పని. ఈ ఒక్క గడి తర్వాత రెండుచోట్ల మిమ్మల్ని ఆదుకుంటుంది. పాడైపోయి మళ్ళీ చేసిన పని ఖరీదు తీయడానికి ఒకసారి, తరుగుదల కోసం ఆస్తిని భాగాలుగా విడగొట్టేటప్పుడు ఇంకోసారి.

సరుకు: పంపింది, తిరిగొచ్చింది, పాడైంది

మన ఉదాహరణలో స్టోర్స్ నుంచి సైట్‌కు 118 లక్షల సరుకు వెళ్ళింది. స్టీలు, సిమెంటు, పైకప్పు రేకులు, పైపులు అన్నీ కలిపి. పని అయ్యాక 3 లక్షల సరుకు తిరిగి స్టోర్స్‌కు చేరింది. దీనికి తిరుగు స్లిప్ తప్పనిసరి. చాలా సైట్లలో మిగిలిన సరుకు మూలన పడి ఉంటుంది, కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ మరమ్మతుల్లో వాడేస్తారు, దాని ఖరీదు మాత్రం గోదాము మీదే ఉండిపోతుంది.

ఇక పాడైన సరుకు. కడ్డీలు కోసినప్పుడు తుక్కు మిగులుతుంది, సిమెంటు కొంత ఒలికిపోతుంది, దిమ్మెలు కొన్ని పగులుతాయి. ఎంత జాగ్రత్తగా చేసినా ఇది ఉంటుంది కాబట్టి ఇదీ కట్టడం ఖరీదులో భాగమే. అసాధారణంగా వృథా అయినదాన్ని మాత్రం ఆస్తిలో కలపకూడదని ఐఏఎస్ 16 స్పష్టంగా చెబుతుంది. మన కంపెనీలో టార్పాలిన్ కప్పకుండా వదిలేసిన సిమెంటు బస్తాలు వానకు తడిసి గట్టిపడ్డాయి, 1.6 లక్షల నష్టం. తూర్పు వైపు గచ్చు వాలు తప్పు రావడంతో పగలగొట్టి మళ్ళీ వేశారు. పగిలిన గచ్చులోని సరుకు 2.4 లక్షలు. ఈ రెండూ లాభనష్టాల ఖాతాకే పోవాలి. గోదాముకు రెండు గచ్చులు లేవు కదా, ఉన్నది ఒక్కటే.

118లోంచి 3, 1.6, 2.4 తీసేస్తే ఆస్తిలోకి వెళ్ళేది 111 లక్షలు.

సాధారణ వృథా ఎక్కడ ఆగి అసాధారణం ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే డ్రాయింగుల దగ్గరికి వెళ్ళాలి. స్టీలుకు బార్ బెండింగ్ షెడ్యూల్ ఉంటుంది. ఏ కడ్డీ ఎంత పొడవు, ఎన్ని ముక్కలు అన్నది అందులో ఉంటుంది. షెడ్యూల్ ప్రకారం 52 టన్నులు కావాలనుకుందాం. కోతల్లో పోయే తుక్కుకు 3 నుంచి 5 శాతం కలిపితే 54, 55 టన్నుల దగ్గర ఆగాలి. స్లిప్పుల మొత్తం 61 టన్నులు చూపిస్తే ఆ పైన ఉన్న ఆరు టన్నులకు జవాబు కావాలి. వేరే పనికి వెళ్ళిందా, స్టోర్స్‌కు తిరిగి రాలేదా, దొంగతనం జరిగిందా, తప్పు కోత పడిందా? జవాబు ఏదైనా ఆ ఖరీదు గోదాముది కాదు. ఈ పోలిక నెలకోసారి చేస్తే పొరపాటు చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది.

మీరు తయారుచేసిన దిమ్మెలను ఏ ధరకు రాయాలి

గోడలకు 60,000 దిమ్మెలు పట్టాయి. బయటివాళ్ళకు ఒక్కోటి 42 రూపాయలకు అమ్ముతారు, తయారీ ఖర్చు 30 రూపాయలు. అమ్మకపు ధర ప్రకారం 25.2 లక్షలు, తయారీ ఖర్చు ప్రకారం 18 లక్షలు.

రాయాల్సింది 18 లక్షలే. ఇది అమ్మకం కాదు. కంపెనీ తనకు తాను సరుకు అమ్ముకుని లాభం చూపించలేదు. దిమ్మెల విభాగం మేనేజర్ తన లెక్కల్లో అమ్మకం చూపించమని అడగవచ్చు, ఎందుకంటే ఆయన బోనస్ దాని మీద ఆధారపడి ఉంటుంది. విభాగం లోపలి రిపోర్టులో ఎలా చూపించుకున్నా, కంపెనీ ఖాతాల్లో మాత్రం ఆ 7.2 లక్షల లాభం కనిపించకూడదు. ఎంట్రీ ఇలా ఉంటుంది: నిర్మాణంలో ఉన్న ఆస్తి ఖాతాకు డెబిట్ 18, తయారైన సరుకు నిల్వ ఖాతాకు క్రెడిట్ 18.

30 అనే ఖర్చులో ఫ్యాక్టరీ సాధారణ ఓవర్‌హెడ్ వాటా కూడా ఉంటుంది. అచ్చు యంత్రం తరుగుదల, ఫ్యాక్టరీ కరెంటు లాంటివి. నిల్వ సరుకు విలువకట్టేటప్పుడు అవి ఎటూ చేరతాయి, కాబట్టి ఇక్కడా ఉంటాయి. వాటిని తీసేయాల్సిన పనిలేదు.

మనుషుల కూలి: గంటల్లో లెక్క

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ వాదన నడిచేది ఇక్కడే. కంపెనీకి సొంత నిర్వహణ బృందం ఉంది, పది మంది. ఒక్కొక్కరికి నెలకు 200 గంటలు. 14 నెలలకు మొత్తం 28,000 గంటలు. జీతం, ఓవర్‌టైమ్, భవిష్యనిధికి కంపెనీ కట్టే వాటా, సెలవు జీతం అన్నీ కలిపి 42 లక్షలు. అంటే గంటకు 150 రూపాయలు.

ఆ 42 లక్షలనూ గోదాముకు వేసేస్తే అది తప్పు. ఈ 14 నెలలూ వాళ్ళు ఫ్యాక్టరీ మరమ్మతులు కూడా చేశారు. టైమ్ షీట్లు తీస్తే 22,000 గంటలు గోదాము మీద, 4,400 గంటలు ఫ్యాక్టరీ మరమ్మతుల మీద, 1,600 గంటలు ఖాళీగా గడిచాయి. ఖాళీ ఎందుకంటే స్టీలు ఆర్డరు ఆలస్యంగా పెట్టారు, 20 రోజులు పది మందీ పని లేక కూర్చున్నారు.

ఫ్యాక్టరీ మరమ్మతుల 6.6 లక్షలు ఫ్యాక్టరీ ఖర్చు, అందులో వాదనకు చోటులేదు. ఖాళీ గంటల 2.4 లక్షలు అసాధారణ వృథా, లాభనష్టాల ఖాతాకు వెళ్తాయి. కాంక్రీటు క్యూరింగ్ కోసం ఆగిన రోజు, క్రేన్ వచ్చేదాకా గడిచిన గంట లాంటివి మాత్రం పనిలో సహజంగా ఉండేవే. వాటిని 22,000 గంటల్లోనే ఉంచండి.

ఆ 22,000లోనూ ఇంకొకటి తీయాలి. పాడైన గచ్చు వేయడానికి, పగలగొట్టడానికి 800 గంటలు పట్టాయి. స్లిప్పు మీద 'ఏ భాగానికి' అన్న గడి ఉన్నట్టే టైమ్ షీట్‌లోనూ ఉంటే ఈ అంకె దానంతట అదే దొరుకుతుంది. 33 లక్షల్లోంచి 1.2 తీసేస్తే ఆస్తిలోకి 31.8 లక్షలు.

టైమ్ షీట్లు నిజంగా రోజూ రాసినవా, నెలాఖరున ఒకేసారి నింపినవా అన్నది చూడగానే తెలిసిపోతుంది. పది మందికీ ప్రతిరోజూ సరిగ్గా ఎనిమిది గంటలు 'గోదాము' అని ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో ఉంటే నమ్మకండి. అదే నెలలో ఫ్యాక్టరీ బ్రేక్‌డౌన్ రిజిస్టర్ తీయండి. 12వ తేదీ మధ్యాహ్నం అచ్చు యంత్రం షాఫ్టు మార్చారని అక్కడ ఉండి, అదే మధ్యాహ్నం ఆ ఫిట్టరు గోదాములో ఉన్నట్టు టైమ్ షీట్ చెబితే రెండింటిలో ఒకటి తప్పు. ఆడిటర్లు మొదట చూసేది ఇలాంటి జతలనే.

సైట్ ఇంజినీరు 14 నెలలూ ఈ పని మీదే ఉన్నారు, 14 లక్షలు పూర్తిగా చేరతాయి. వారానికోసారి వచ్చి చూసివెళ్ళిన జనరల్ మేనేజర్ జీతంలో వాటా చేర్చమంటారు. వద్దు. గోదాము కట్టినా కట్టకపోయినా ఆయన జీతం కంపెనీ ఇస్తూనే ఉండేది, ఆయన పని మొత్తం కంపెనీని నడపడం. హెడ్ ఆఫీసు అద్దె, అకౌంట్స్ విభాగం జీతాలు కూడా అంతే. మన ఉదాహరణలో డైరెక్టర్ ఒకరు 10 లక్షలు 'పర్యవేక్షణ ఖర్చు' కింద కలపమన్నారు అనుకుందాం. పరిపాలన, సాధారణ ఓవర్‌హెడ్లు ఆస్తి ఖరీదులో చేరవని ఐఏఎస్ 16 పేరుపెట్టి చెబుతుంది. ఆ మాట చూపిస్తే చాలు.

కూలి ఎంట్రీలో ఒక సౌకర్యం ఉంది. జీతాలు ఎప్పటిలాగే జీతాల ఖాతాలో రాసి, నెలాఖరున టైమ్ షీట్ ప్రకారం గోదాము వాటాను నిర్మాణ ఖాతాకు బదిలీ చేయండి. జీతాల విభాగం పనికి అడ్డు రాదు, బదిలీకి ఒకే ఆధారం ఉంటుంది.

మిగతా నేరు ఖర్చులు

ఇవి త్వరగా తేలిపోతాయి. డిజైన్ ఫీజు, అనుమతుల ఫీజు, మట్టి పరీక్ష, స్థలం చదును చేయడం కలిపి 9 లక్షలు చేరతాయి. కంపెనీ సొంత తవ్వక యంత్రాన్ని సైట్‌లో వాడారు. దాని డీజిలు, ఆపరేటరు, సైట్‌లో ఉన్న గంటలకు తగ్గ తరుగుదల కలిపి 3 లక్షలు. ఆ తరుగుదలను లాభనష్టాల ఖాతాకు కాకుండా గోదాముకే వేయాలి. ఒక ఆస్తిని వాడి ఇంకో ఆస్తి కడితే మొదటిదాని తరుగుదల రెండోదాని ఖరీదులో భాగమవుతుంది.

ప్రారంభోత్సవం, పాత గోదాము నుంచి సరుకు తరలింపు, కొత్త సిబ్బందికి శిక్షణ కలిపి 3.5 లక్షలు అయ్యాయి. ఇవేవీ చేరవు. కట్టడం సిద్ధం కావడానికి వీటితో పనిలేదు.

వడ్డీ: ఏ రోజు మొదలు, ఏ రోజు వరకు

గోదాము కోసమే 120 లక్షల అప్పు తీసుకున్నారు, వడ్డీ ఏడాదికి 10 శాతం, నెలకు 1 లక్ష. సిద్ధం కావడానికి చాలాకాలం పట్టే ఆస్తి అయితే నిర్మాణ కాలపు వడ్డీని ఆస్తిలో కలపాలని ఐఏఎస్ 23 అంటుంది. 14 నెలల గోదాము అందులోకి వస్తుంది.

లెక్క మొదలవాలంటే మూడూ ఒకేసారి ఉండాలి: ఆస్తి మీద ఖర్చు పెట్టడం మొదలై ఉండాలి, వడ్డీ పడుతూ ఉండాలి, పని నడుస్తూ ఉండాలి. డ్రాయింగులు, అనుమతుల పని కూడా 'పని నడవడం' కిందకే వస్తుంది. మన ఉదాహరణలో స్థలం చదును మొదలైన రోజే అప్పు మొత్తం చేతికొచ్చింది, కాబట్టి అదే మొదటి రోజు.

14 నెలలకు 14 లక్షల వడ్డీ. మొదట్లో అప్పు డబ్బు అంతా ఖర్చుకాక కొంతకాలం డిపాజిట్‌లో ఉంది, దాని మీద 1.5 లక్షలు వచ్చాయి. దాన్ని తీసేస్తే ఆస్తిలోకి 12.5 లక్షలు. ప్రత్యేకంగా అప్పు తీసుకోకుండా కంపెనీ మామూలు అప్పుల నుంచే ఖర్చు పెట్టి ఉంటే, ఆ అప్పులన్నిటి సగటు వడ్డీ రేటును ఖర్చుకు వర్తింపజేస్తారు. అలా వచ్చిన మొత్తం ఆ ఏడాది నిజంగా పడిన వడ్డీని దాటకూడదు.

స్టీలు రాక 20 రోజులు ఆగినప్పుడు వడ్డీ ఆపాలా? అక్కర్లేదు, అది చిన్న విరామం. నిర్మాణాన్ని నెలల తరబడి పూర్తిగా పక్కన పెట్టేస్తే మాత్రం ఆ కాలపు వడ్డీని లాభనష్టాల ఖాతాకు మార్చాలి. ఆ ప్రాంతంలో ఆ కాలంలో మామూలుగా వచ్చే వానల వల్ల ఆగితే లెక్క ఆగదు.

ముగింపు తేదీ దగ్గర ఒత్తిడి ఎక్కువ. 14వ నెల చివరికి పైకప్పు, గచ్చు, కరెంటు, అగ్నిమాపక పైపుల పరీక్ష అన్నీ పూర్తయ్యాయి. సరుకు మాత్రం 16వ నెల చివర్లో దించారు. ఆ రెండు నెలల వడ్డీ 2 లక్షలను కూడా కలపాలని అనిపిస్తుంది, ఎందుకంటే గోదాము అప్పటిదాకా ఖాళీగానే ఉంది. కలపకూడదు. వాడటానికి సిద్ధమైన రోజుతోనే వడ్డీ ఆగుతుంది, ఖర్చుల కలయికా ఆగుతుంది, తరుగుదల మొదలవుతుంది. రంగులు, చిన్నచిన్న సర్దుబాట్లు మిగిలి ఉన్నా అంతే. ఆ రోజును నిర్ణయించేది ఇంజినీరు సంతకం చేసిన పూర్తి ధృవపత్రం, ఆఖరి పరీక్ష రిపోర్టు. మొదటి లారీ వచ్చిన రోజు కాదు.

మొత్తం కట్టి, ఖాతా మూయడం

సరుకు 111, దిమ్మెలు 18, బృందం కూలి 31.8, ఇంజినీరు 14, యంత్రం 3, డిజైన్, అనుమతులు 9, వడ్డీ 12.5. మొత్తం 199.3 లక్షలు. తిరిగొచ్చిన సరుకు తప్ప పైన వద్దన్నవన్నీ కలిపేసి ఉంటే 237.7 వచ్చేది. ఆ 38.4 లక్షల తేడా ఈ ఏడాది లాభాన్ని అంతమేర పెంచి చూపించి, ఎన్నో ఏళ్ళపాటు తరుగుదల రూపంలో తర్వాతి లాభాలను తినేది.

కాంట్రాక్టరు మొదట్లో 230 లక్షలకు కొటేషన్ ఇచ్చాడని, 'మనం 30.7 లక్షలు మిగిల్చాం, దాన్ని లాభంగా చూపిద్దాం' అని ఎవరైనా అనవచ్చు. ఆస్తి విలువ మీకైన ఖర్చే. ఆ మిగులు తక్కువ తరుగుదల రూపంలో ఏటా వస్తుంది, ఒక్కసారిగా రాదు.

సిద్ధమైన తేదీతో నిర్మాణ ఖాతా నుంచి భవనాల ఖాతాకు బదిలీ చేయండి. బదిలీ అప్పుడే భాగాలుగా విడగొట్టాలి, ఎందుకంటే పైకప్పు రేకులు, అగ్నిమాపక వ్యవస్థ గోడలంత కాలం ఉండవు. స్లిప్పుల్లోని 'ఏ భాగానికి' గడి ప్రకారం సరుకు, కూలి విడిపోతాయి. ఇంజినీరు జీతం, వడ్డీ లాంటి ఉమ్మడి ఖర్చులను వాటి నిష్పత్తిలో పంచండి. మన లెక్కలో ప్రధాన కట్టడానికి 137.3, పైకప్పుకు 38, కరెంటు, అగ్నిమాపక పనులకు 24 వచ్చాయనుకుందాం. వాటికి వరుసగా 40, 20, 12 ఏళ్ళు అంచనా వేసి, చివరి విలువ ఏమీ లేదనుకుంటే, ఏడాది తరుగుదల 3.43, 1.9, 2 లక్షలు, మొత్తం 7.33. మొదటి ఏడాదికి సిద్ధమైన నెల నుంచే లెక్క.

బదిలీ తర్వాత నిర్మాణ ఖాతాలో ఆ జాబ్ నంబర్ కింద సున్నా ఉండాలి, నంబరును సిస్టమ్‌లో మూసేయాలి. మూయకుండా వదిలేస్తే ఆరు నెలల తర్వాత తలుపు మరమ్మతు బిల్లు కూడా ఆ నంబరు మీదే పడుతుంది. ఫైల్లో జాబ్ అనుమతి, స్లిప్పుల నెలవారీ పట్టిక, టైమ్ షీట్లు, అసాధారణ వృథా కింద తీసేసిన ప్రతిదానికీ ఇంజినీరు రాసిన కారణం, వడ్డీ లెక్క, పూర్తి ధృవపత్రం ఉంచండి. వీటిలో అసాధారణ వృథా కారణాలను ఆ నెలలోనే రాయించుకోండి. గచ్చు వాలు ఎందుకు తప్పిందో ఏడాది తర్వాత అడిగితే ఎవరూ కాగితం మీద పెట్టరు.